కాగిన నూనె ఎవరి చేతికి? నూజివీడు సీమ నేపథ్యంలో వాడిన వంటనూనె చరిత్ర: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నూజివీడు అనగానే చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి గుర్తుకు వస్తాయి. 2022లో ఏలూరు జిల్లాలో చేరిన ఈ ప్రాంతానికి మామిడి కాపు వేసవి బతుకుతెరువు. కాపు దిగే రోజుల్లో కోతకూలీలు, లారీ డ్రైవర్లు, కమీషన్ వ్యాపారులు వచ్చిపోతుంటారు. వారితోపాటు బజ్జీల బండ్లకూ, టిఫిన్ హోటళ్లకూ గిరాకీ పెరుగుతుంది. సాయంత్రం పొయ్యి మీదికి ఎక్కిన బాణలి రాత్రి పొద్దుపోయేదాకా దిగదు. దిగిన తరువాత అందులో మిగిలే నల్లని నూనె ఎక్కడికి పోతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

వాడిన వంటనూనెను సేకరించి బయోడీజిల్‌గానో సబ్బుగానో మార్చడం కొత్త ఆలోచనగా ప్రచారంలో ఉంది. చరిత్రను గమనిస్తే అందులో రసాయన శాస్త్రం వంతు పాతది, స్థిరమైనది. మారుతూ వచ్చింది నూనెకు పోటీపడే కొనుగోలుదారుల వరుస. ఆంధ్రదేశంలో బయోడీజిల్ కర్మాగారాలు ముందే వెలిశాయి. వాటికి కావలసిన నూనె మాత్రం ప్రతిసారీ మరొకరి చేతికి పోయింది. ఆ మరొకరు ఎవరు, ఎందుకు ఎక్కువ ధర ఇవ్వగలిగారు అన్నదే ఇక్కడ ప్రధాన ప్రశ్న.

2. నూనె వృథా కాని కాలం

గానుగ నూనె వాడిన కాలంలో తెలుగు ఇళ్లలో ‘వ్యర్థ నూనె’ అనే భావనే లేదు. గానుగ తిప్పిన తెలికలవారి దగ్గర నువ్వుల నూనెనో వేరుశెనగ నూనెనో కొలిపించుకొని తెచ్చుకున్న కుటుంబం దానిని పొదుపుగా వాడేది. పండుగకు జంతికలో, అరిసెలో వండగా మిగిలిన నూనె తరువాతి రోజుల్లో తాలింపుకు, కూరకు సరిపోయేది. తినడానికి పనికిరానంతగా కమురు పట్టిన నూనెకు కూడా దీపం ఉండేది. బండి ఇరుసుకు వేసే కందెన ఆముదంలో గడ్డి మసి కలిపి చేసిన పదార్థం. దానిని బట్టి, ఆహారేతర అవసరాలకు వేరే నూనెలు విడిగా ఉండేవని తెలుస్తుంది. వంటనూనె ఇంటి గడప దాటి వెనక్కి అంగడికి వెళ్లవలసిన అవసరమే రాలేదు.

బట్టలు ఉతకడానికి కూడా నూనెతో చేసిన సబ్బు ఆలస్యంగానే వచ్చింది. రజకులు చవుడు మట్టిని, దాని క్షారగుణాన్ని వాడుకున్నారు. తలకు కుంకుడు రసం ఉండేది. చవుడు పెట్టిన బట్టలను ఆవిరిలో ఉడికించినప్పుడు ఆ క్షారం బట్టలోని జిడ్డుతో కలిసి అక్కడికక్కడే కొంత సబ్బుగా మారుతుంది. అంటే నూనెను క్షారంతో కలిపి సబ్బు చేసే చర్య ఇక్కడ అప్రయత్నంగానే జరుగుతూ ఉండేది. దానిని ఎవరూ సబ్బు అనలేదు, అంతే.

డీజిల్ ఇంజను చరిత్రలోనూ తెలుగు పాఠకుడికి పరిచయమైన గింజ ఒకటి కనిపిస్తుంది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపి చూపారు. రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా 1912లో ఈ విషయాన్ని ప్రస్తావించాడు. అయితే ముడి నూనె చిక్కన. ఇంజనులో ఇంధనాన్ని చిమ్మే సన్నని రంధ్రాలలో అది మసిగా పేరుకుంటుంది. ఆ చిక్కదనాన్ని తగ్గించే మార్గాన్ని బెల్జియం శాస్త్రవేత్త షవాన్ 1937లో పేటెంటు చేశాడు. నూనెను ఆల్కహాలుతో చర్య జరిపి గ్లిజరిన్‌ను విడదీయడమే ఆ మార్గం. మరుసటి ఏడాది బ్రస్సెల్స్, లూవాన్ నగరాల మధ్య పామాయిల్ నుంచి చేసిన ఇంధనంతో ఒక బస్సు నడిచింది. నేటి బయోడీజిల్ ప్రక్రియ మౌలికంగా అదే.

3. పామాయిల్ రాక

వాడిన నూనె ఒక సరుకుగా మారడానికి ముందు వంటనూనె చవక కావాలి, వేపుడు ఇంటి నుంచి వీధికి రావాలి. ఈ రెండూ పామోలిన్‌తో జరిగాయి. మొదట చౌకధరల దుకాణాల ద్వారా పరిచయమైన పామోలిన్‌ను 1994లో ప్రైవేటు వ్యాపారులు స్వేచ్ఛగా దిగుమతి చేసుకోవడానికి కేంద్రం అనుమతించింది. కాకినాడ రేవు దగ్గర వంటనూనెల శుద్ధి కర్మాగారాలు పెరిగాయి. అదే కాలంలో ఆయిల్‌పామ్ సాగు కూడా ఈ నేలకు వచ్చింది. 1993లో రాష్ట్రం ఆయిల్‌పామ్ ఉత్పత్తి, శుద్ధి నియంత్రణకు చట్టం చేసింది. 1995లో ఏలూరు సమీపంలోని పెదవేగిలో జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధనా కేంద్రం ఏర్పడింది. నేడు నూజివీడు, ముసునూరు, చాట్రాయి మండలాల్లో మామిడి తోటల పక్కనే ఆయిల్‌పామ్ తోటలు కనిపిస్తాయి. మామిడి సీమలో వేగే బజ్జీకి, దాని చుట్టూ పెరిగే చెట్టుకు ఈ విధంగా సంబంధం ఏర్పడింది.

వేపుడుకు పామోలిన్ అనువైనది కావడానికి కారణం ఉంది. పొద్దుతిరుగుడు నూనెతో పోలిస్తే దానికి వేడిని తట్టుకునే శక్తి ఎక్కువ, ధర తక్కువ. హోటలువాడు దానిని ఎక్కువసార్లు కాచగలడు. అయితే నూనె ఎంత తట్టుకున్నా మూడు వైపుల నుంచి దాడి తప్పదు. పిండిలోని నీరు నూనె అణువును చీల్చి ఆమ్లాలను విడుదల చేస్తుంది. గాలిలోని ఆక్సిజన్ దానిని కమురు పట్టిస్తుంది. వేడి ఆ ముక్కలను మళ్లీ ఒకదానికొకటి అతికించి జిగురుగా మారుస్తుంది. బాణలి అంచున గోకినా రాని గోధుమరంగు పొర ఆ జిగురే. నురగ ఆగకుండా పైకి పొంగడం, పొగ ముందుకంటే తక్కువ వేడికే లేవడం, నూనె గరిటె నుంచి తీగలా జారడం చెడిన నూనె గుర్తులు. రంగును మాత్రం పూర్తిగా నమ్మరాదు. శెనగపిండి, కారం మంచి నూనెను కూడా త్వరగా నల్లబరుస్తాయి. తగ్గిన నూనెకు కొత్త నూనె కలుపుతూ పోయే అలవాటు ఈ గుర్తులన్నిటినీ కప్పిపుచ్చుతుంది.

4. కర్మాగారాలు ముందు, నూనె తర్వాత

2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ జీవ ఇంధనాలపై నివేదిక ఇచ్చింది. బీడు భూముల్లో జట్రోఫా, అంటే అడవి ఆముదం, పెంచితే డీజిల్‌కు ప్రత్యామ్నాయం దొరుకుతుందన్న ఆశ దేశమంతటా వ్యాపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానుగకు కూడా అంతే ప్రాధాన్యం దక్కింది. ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ గ్రామం ఆ దశకు ఉత్తమ ఉదాహరణ. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ గింజలు సేకరించి నూనె తీశాయి. 2003లో ఆ గ్రామం 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గార తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మింది. మొత్తం చిన్నదే. కానీ నూనె గింజ ఏరిన చేతులకే డబ్బు చేరిన సందర్భంగా అది గమనించదగినది.

కర్మాగారాల పద్ధతి వేరు. నల్లగొండ జిల్లా చౌటుప్పల్ ప్రాంతంలో ఒకటి, కాకినాడలో మరికొన్ని ఆ దశకం రెండో సగంలో వెలిశాయి. వాటిలో 2008లో కాకినాడలో పూర్తయిన యూనివర్సల్ బయోఫ్యూయల్స్ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి సుమారు 1,50,000 టన్నులు. ఇంత సామర్థ్యాన్ని అడవి గింజలతో నింపడం సాధ్యం కాదు. జట్రోఫా నీరు లేనిచోట బతికింది గాని కాయలేదు. కానుగ కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది, వచ్చిన గింజకు సబ్బు తయారీదారుల నుంచి ముందే గిరాకీ ఉంది. కర్మాగారాలు రేవు పక్కన ఉండడానికి అసలు కారణం దిగుమతి అయ్యే పామాయిల్, శుద్ధిలో మిగిలే ఘన భాగాలు. పల్లె గింజల పేరుతో మొదలైన పరిశ్రమ ఆచరణలో ఓడరేవు మీద ఆధారపడింది.

దీనికి ధర కూడా తోడైంది. 2005 అక్టోబరులో ప్రకటించిన కొనుగోలు విధానం బయోడీజిల్‌కు లీటరు 25 రూపాయలు నిర్ణయించింది. ఆ ధరకు ముడి నూనె ఖర్చు కూడా రాదు. చమురు కంపెనీల కొనుగోలు కేంద్రాలకు సరుకు రాకపోవడంలో వింత లేదు. 2009 జాతీయ విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలపాలని ఆశించింది. 2018 విధానం బయోడీజిల్ విషయంలో 2030 నాటికి 5 శాతం అన్నది. ఈ రెండు అంకెల మధ్య దూరమే జట్రోఫా దశకు రాసిన తీర్పుగా భావించవచ్చు.

5. 2018: నిబంధన, దాని ధర

2018 విధానం వాడిన వంటనూనెను బయోడీజిల్ ముడిసరుకుల్లో ఒకటిగా గుర్తించింది. అదే ఏడాది జూలై 1 నుంచి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వేపుడు నూనెకు ఒక పరిమితి విధించింది. నూనెలో విచ్ఛిన్న పదార్థాల మొత్తం, శాస్త్ర పరిభాషలో ధ్రువ సమ్మేళనాలు, 25 శాతం దాటితే ఆ నూనెను ఆహారానికి వాడరాదు. దీనిని కొలవడానికి వేడి నూనెలో ముంచి చూసే చేతి మీటర్లు ఉన్నాయి. ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినం నాడు, వాడిన నూనె సేకరణకు ‘రూకో’ అనే కార్యక్రమం మొదలైంది. 2019 మార్చి 1 నుంచి వేపుడుకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే సంస్థలు లెక్కలు రాయాలని, వాడిన నూనెను గుర్తింపు పొందిన సేకరణదారులకే ఇవ్వాలని నిబంధన వచ్చింది.

ఈ 50 లీటర్ల గీత ఎక్కడ పడిందో చూడడం అవసరం. పెద్ద చిప్స్ కర్మాగారం, నగరంలోని పెద్ద హోటలు, వేలమందికి వండే వసతిగృహాల వంటశాల దాని లోపలికి వస్తాయి. నూజివీడు పట్టణానికి సంబంధించినంతవరకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ప్రాంగణం వంటి చోట వంట ఆ స్థాయిలో జరుగుతుంది. బస్టాండు దగ్గర రోజుకు మూడు నాలుగు లీటర్లు కాచే బజ్జీల బండి మాత్రం ఆ గీతకు చాలా దిగువన ఉంటుంది. 25 శాతం పరిమితి దానికీ వర్తిస్తుంది గాని లెక్కల పుస్తకం వర్తించదు. నూనె అతి ఎక్కువగా చెడేది ఇక్కడే. పైగా పెద్ద వంటశాల అమ్మేసిన నూనె చివరకు దిగేదీ ఇక్కడికే.

ఆ ప్రయాణమే అసలు సమస్య. సేకరణ నిబంధనలు రాకముందే వాడిన నూనెకు ఒక అంగడి ఉంది. పెద్ద వంటశాలలో ఒకటి రెండుసార్లు కాగిన నూనెను మధ్యవర్తులు కొని, వడకట్టి, చిన్న బండ్లకు అమ్మేవారు. బండివాడికి అది కొత్త నూనె కంటే చవక, కనుక కొనేవాడు. బయోడీజిల్ సేకరణదారు ఈ మధ్యవర్తి కంటే ఎక్కువ ధర ఇస్తేనే నూనె దారి మారుతుంది.

2019 ఆగస్టులో ప్రభుత్వ చమురు కంపెనీలు 100 నగరాల్లో వాడిన నూనె నుంచి చేసిన బయోడీజిల్ కొంటామని ముందుకు వచ్చాయి. మొదటి ఏడాది లీటరుకు 51 రూపాయలు, రెండో ఏడాది 52.70, మూడో ఏడాది 54.50 అని ధర కట్టాయి. మూడేళ్ల హామీ పరిశ్రమకు భరోసా ఇస్తుందని అనుకున్నారు. అయితే ప్రపంచ విపణిలో వంటనూనెల ధర ఆ హామీని లెక్కచేయలేదు. 2021 మే నాటికి పామాయిల్ సగటు చిల్లర ధర దేశంలో కిలో 130 రూపాయలు దాటింది. కొత్త నూనె 130 ఉన్నప్పుడు పాత నూనెను అందులో సగానికి కొనడానికి కూడా బండివాడు సిద్ధపడతాడు. బయోడీజిల్ తయారీదారుకు తుది ఇంధనం మీద వచ్చేదే 52, 53 రూపాయలు. అందులోంచి మెథనాలు, రవాణా, కూలి పోగా నూనెకు అతను పెట్టగలిగేది బండివాడు పెట్టే ధరకు చాలా తక్కువ. 2005లో 25 రూపాయల ధర కానుగ గింజను సబ్బు తయారీదారుల వైపు నెట్టినట్లే, 2019 ధర కాగిన నూనెను తిరిగి బాణలి వైపు నెట్టింది. దీని నష్టం ఇంధన లెక్కల్లో కనిపించదు. అది సాయంత్రం బండి దగ్గర నిలబడి తినే కూలీ ఒంట్లోకి పోతుంది.

యూరప్ అంగడి ఈ లెక్కను మరింత జటిలం చేసింది. అక్కడి 2009 పునరుత్పాదక శక్తి ఆదేశం వ్యర్థాల నుంచి చేసిన ఇంధనాన్ని లక్ష్యాల లెక్కలో రెండింతలుగా పరిగణించింది. దానివల్ల ఆసియా దేశాల వాడిన నూనెకు విదేశీ గిరాకీ ఏర్పడి, ఒక్కోసారి దాని ధర కొత్త పామాయిల్‌ను మించింది. పాత నూనె కొత్త దానికంటే ఖరీదైతే కొత్త నూనెనే పాతదని చెప్పి అమ్మే ప్రలోభం పుడుతుంది. యూరప్‌లో ఇటువంటి అనుమానాలు బహిరంగ చర్చకు వచ్చాయి.

6. ఒక పీపా నూనె: పరీక్ష నుంచి ఇంధనం దాకా

ధర కలిసి వచ్చినా ప్రతి నూనే ఇంధనం కాదు. దీన్ని అర్థం చేసుకోవడానికి 100 లీటర్ల వాడిన పామోలిన్‌ను ఉదాహరణగా తీసుకొని అంచెలంచెలుగా పరిశీలించవచ్చు.

మొదటి పని వడకట్టడం, తరువాత నీటిని తొలగించడం. నూనెను నీటి మరుగు స్థాయికి పైన కాస్తే లోపలి తేమ చిటపటమంటుంది. ఆ చప్పుడు ఆగేదాకా కాచి, రాత్రంతా నిలవ ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది. నీరు మిగిలితే తరువాతి దశలో ఇంధనానికి బదులు సబ్బు తయారవుతుంది.

రెండోది ఆమ్లాల కొలత. నూనె ఎంత కాగితే అంత ఆమ్లం. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కరిగించి, లీటరు నీటికి ఒక గ్రాము కాస్టిక్ సోడా కలిపిన ద్రావణాన్ని చుక్కలుగా వేస్తారు. సూచిక రంగు గులాబీగా మారి నిలిచేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, ప్రతి లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనంగా కావాలి. మంచి నూనెకు కావలసిన మూల పరిమాణం లీటరుకు 3.5 గ్రాములు. మన ఉదాహరణలో పరీక్షకు 2.5 మిల్లీలీటర్లు పట్టిందనుకుంటే మొత్తం లీటరుకు 6 గ్రాములు, 100 లీటర్లకు 600 గ్రాములు. ఈ కొలత నూనెలో దాదాపు 2 శాతం స్వేచ్ఛామ్లాలు ఉన్నాయని చెబుతుంది. ఈ పద్ధతికి అది ఇంచుమించు హద్దు. బండి మీద వారం రోజులు కాగిన నూనె ఈ హద్దును సులభంగా దాటుతుంది. అప్పుడు ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, మెథనాలుతో వేరొక దశ నడపాలి. అది పెద్ద కర్మాగారానికి సాధ్యం, చిన్న షెడ్డుకు కష్టం.

మూడోది చర్య. 600 గ్రాముల సోడాను సుమారు 20 లీటర్ల మెథనాలులో కరిగించి, 55 డిగ్రీల దగ్గర ఉంచిన నూనెలో కలిపి గంట, రెండు గంటలు తిప్పుతారు. మెథనాలు 65 డిగ్రీలకే మరుగుతుంది కనుక మూత గట్టిగా ఉండాలి, మంట దగ్గర ఉండరాదు. మెథనాలు ప్రాణాంతక విషం. కల్తీ సారా మరణాల వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. అందువల్ల దాని నిల్వ మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. ఇంటింటా బయోడీజిల్ అనే మాట ఎంత ఆకర్షణీయమైనా ఈ ఒక్క కారణం చేత అది ఇంటి పని కాదు.

తిప్పడం ఆపి రాత్రంతా ఉంచితే నల్లని గ్లిజరిన్ అడుగుకు చేరుతుంది, పైన తేనెరంగు ద్రవం మిగులుతుంది. దానిని నీటితో నెమ్మదిగా కడిగి, ఆరబెట్టాలి. నష్టాలు పోగా సుమారు 90 లీటర్లు దక్కుతుంది. చర్య పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. మూడు మిల్లీలీటర్ల ఇంధనాన్ని 27 మిల్లీలీటర్ల మెథనాలులో కలిపి ఊపాలి. అంతా కరిగితే చర్య పూర్తయినట్లు. అడుగున నూనె బొట్టు నిలిస్తే అది మార్పు చెందని నూనె. అది ఇంజనులోకి పోతే పారిస్ నాటి మసి సమస్యే తిరిగి వస్తుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15607 ఆమ్ల విలువకు 0.50 పరిమితి పెట్టింది. వాసన చూసో, రంగు చూసో దానిని నిర్ధారించలేరు.

పామాయిల్ బయోడీజిల్‌కు మరో లక్షణం ఉంది. ఇంచుమించు 15 డిగ్రీల దగ్గర అది మబ్బుపట్టినట్లు మారి గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఉత్తర భారత చలికాలంలో ఇది పెద్ద చిక్కు. కృష్ణా, గోదావరి ప్రాంతంలో అంత చలి అరుదు కనుక ఇక్కడ అది అంతగా బాధించదు. డీజిల్‌లో కొద్దిపాటిగా కలిపి వాడితే అసలే కనిపించదు.

7. సబ్బు దారి

పై లెక్కలో శత్రువుగా నిలిచిన స్వేచ్ఛామ్లం సబ్బులో మిత్రుడు. క్షారంతో ముందుగా కలిసి సబ్బుగా మారేది ఆ ఆమ్లమే. ఇంధనానికి పనికిరాని నూనె సబ్బుకు పనికి రావడానికి కారణం ఇది. మెథనాలు అవసరం లేదు, పెట్టుబడి తక్కువ, పీపా నిండేదాకా ఆగనక్కరలేదు.

ఐదు కిలోల వాడిన పామోలిన్‌ను తీసుకుంటే, ముందు దానిని ఉప్పు నీటితో కలిపి కాచి, చల్లార్చి, పైన తేలిన నూనెను తీయాలి. కారం, పసుపు, మాడిన పిండి చాలావరకు నీటితో కిందికి పోతాయి. పామోలిన్‌కు కిలోకు సుమారు 141 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఐదు కిలోలకు 705 గ్రాములు. చేతికి మంట పుట్టకుండా ఐదు శాతం తగ్గించి 670 గ్రాములు వాడతారు. దానిని సుమారు కిలోన్నర నీటిలో కొంచెం కొంచెంగా వేయాలి. సోడాలో నీరు పోస్తే ఒక్కసారిగా ఎగిరి ముఖాన పడే ప్రమాదం ఉంది. అల్యూమినియం గిన్నె వాడరాదు, సోడా దానిని తినేస్తుంది. రెండూ గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి తిప్పుతూ ఉంటే మిశ్రమం మజ్జిగపులుసులా చిక్కబడుతుంది. గరిటెతో పైన గీసిన గీత చెరగకుండా నిలిస్తే అచ్చుల్లో పోయవచ్చు. మరునాడు ముక్కలు కోసి, కనీసం నాలుగు వారాలు నీడలో ఆరనివ్వాలి.

తప్పులు ఎలా కనిపిస్తాయంటే, సోడా ఎక్కువైతే ముక్క మీద తెల్లని పొడి లేచి, పెళుసుగా విరుగుతుంది. తక్కువైతే మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది. పొద్దుతిరుగుడు నూనె పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమంలో కొన్ని నెలలకు నారింజరంగు మచ్చలు వచ్చి కమురు వాసన కొడుతుంది. ఎంత కడిగినా వేపుడు వాసన పూర్తిగా పోదు. అందుకే ఇది ఒంటికి కాక బట్టలకు, గిన్నెలకు, వంటశాల నేలకు సరిపడే సబ్బు. కఠిన జలం ఉన్న ఊళ్లలో నురగ తక్కువగా వచ్చి తెట్టు కడుతుంది. చవుడు స్థానంలో బార్ సబ్బు, దాని స్థానంలో చవకైన డిటర్జెంటు పొడి వచ్చిన తరువాత గ్రామ సబ్బు పరిశ్రమ నిలవలేకపోవడానికి ఈ తెట్టు కూడా ఒక కారణం. 1957లో పని మొదలుపెట్టిన ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ వేప వంటి తినకూడని నూనెలతో సబ్బును ప్రోత్సహించింది. కానీ డిటర్జెంటు ధర ముందు అది పరిమితంగానే మిగిలింది.

8. నూజివీడు లెక్క

ఈ నేపథ్యంలో నూజివీడు వంటి పట్టణంలో సేకరణ ఎలా ఉండగలదో ఒక ఊహా గణనతో చూడవచ్చు. పట్టణంలోనూ, ఆగిరిపల్లి, విస్సన్నపేట దారుల్లోనూ కలిపి 40 హోటళ్లు, మిఠాయి దుకాణాలు వారానికి 15 కిలోల డబ్బా ఒక్కొక్కటి ఇచ్చాయనుకుందాం. వారానికి 600 కిలోలు వస్తుంది. కాకినాడ దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అక్కడికి పది టన్నుల ట్యాంకరు పంపితేనే రవాణా గిట్టుబాటు అనుకుంటే, అది నిండడానికి 667 డబ్బాలు, అంటే దాదాపు 17 వారాలు కావాలి. అంతకాలం నూనె పీపాల్లో ఉంటుంది. కోస్తా వర్షాకాలపు తేమ లోపలికి చేరి ఆమ్లం పెరుగుతుంది. మొదటి వారం 2 శాతం ఉన్న నూనె చివరి వారానికి హద్దు దాటి ఉండవచ్చు. అందుచేత ఇటువంటి పట్టణం నుంచి నూనె నేరుగా కర్మాగారానికి కాక, సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని విజయవాడ సేకరణదారుడికి చిన్న వాహనంలో, తరచుగా వెళ్లడమే ఆచరణ సాధ్యం.

ఇళ్ల విషయం ఇంకా చిన్నది. ఆవకాయలో పోసిన నూనె కాగదు, ఊటతో కలిసి అన్నంలోకి పోతుంది. అప్పడాలు, వడియాలు వేయించగా మిగిలింది తాలింపుకు చేరుతుంది. పొదుపు అలవాటు ఇంకా బతికి ఉన్న ఇంట సేకరణ డబ్బా నిండదు. నిండేచోట, అంటే పెళ్లి వంటలు, ఉత్సవ భోజనాల దగ్గర, నూనె ఒక్కరోజులో డబ్బాలకొద్దీ మిగులుతుంది. ఒకటి రెండుసార్లు మాత్రమే కాగినది కనుక ఆమ్లం తక్కువగా, ఇంధనానికి శ్రేష్ఠంగా ఉంటుంది. బజ్జీల బండికి అమ్మడానికి మధ్యవర్తి మొదట వెతికేది కూడా సరిగ్గా ఈ నూనెనే. బయోడీజిల్ సేకరణదారుడు అదే రోజు, అదే వంటశాల గుమ్మం దగ్గర, అతని కంటే ముందు నిలబడవలసి ఉంటుంది. ఆలస్యమైన చోట మిగిలేది వారాల తరబడి కాగి, చిక్కబడి, ఆమ్లం పెరిగిన నూనె. దానిని సబ్బు కుండ తప్ప మరేదీ తీసుకోదు.